మన సరుకుకు మన సరుకే పోటీ

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి, లక్క రంగులు ఎక్కించి బొమ్మలు చేస్తారు. 2017లో వీటికి భౌగోళిక గుర్తింపు దక్కింది. ఈ బొమ్మలు అమెజాన్‌లో పెట్టి దేశమంతటికీ అమ్మే ఒక చిన్న దుకాణాన్ని ఊహించుకుందాం. దాన్ని నడిపే ఆవిడ మొదట ఎర్ర గిలక్కాయ ఒక్కటే పెట్టింది. అది బాగానే అమ్ముడుపోయింది. ఆ ఉత్సాహంతో ఆకుపచ్చ గిలక్కాయకు ఇంకో లిస్టింగు తెరిచింది. తర్వాత మూడు గిలక్కాయల సెట్టు పెట్టింది. చివరికి గిలక్కాయ, వలయాల బొమ్మ, బొంగరం కలిపి ఒక గిఫ్ట్ బాక్సు కూడా తయారుచేసింది. ప్రతిసారీ పాత లిస్టింగును కాపీ చేసి, ఫొటో మార్చి, పేరులో ఒకటి రెండు మాటలు దిద్దింది. అందువల్ల నాలుగు పేర్లూ ఇంచుమించు ఒకేలా మొదలవుతాయి. వెనక దాచి రాసే సెర్చ్ పదాలూ అవే.

లిస్టింగులు నాలుగయ్యాయి గానీ అమ్మకం ఆ లెక్కన పెరగలేదు. ఒక వారం ఎరుపు కదులుతుంది, ఇంకో వారం ఆకుపచ్చ కదులుతుంది. ఎరుపు తగ్గిన వారం ఆవిడ దాని ధర తగ్గిస్తుంది, ఆకుపచ్చ తగ్గిన వారం దానికి ప్రకటన పెడుతుంది. పక్క దుకాణాలు తన గిరాకీని లాక్కుంటున్నాయని అనుకుంటుంది. నిజానికి ఒకే మాట టైపు చేసి వెతికే కొనుగోలుదారు ముందుకు ఆవిడ లిస్టింగులే నాలుగూ వెళ్లి, ఆ ఒక్క గిరాకీనే పంచుకుంటున్నాయి. ఆన్‌లైన్ వ్యాపారంలో దీన్ని కీవర్డ్ కానిబలైజేషన్ అంటారు.

ఇది పైకి కనిపించదు. ఏ లిస్టింగును విడిగా చూసినా దానిలో తప్పేమీ దొరకదు. అన్నిటినీ ఒక్కచోట పెట్టి, ఒక్కో సెర్చ్ మాట వరసన చూస్తేనే బయటపడుతుంది. అది ఎలా చూడాలో, చూసిన దానిలో ఏది జబ్బో ఏది కాదో ఈ దుకాణం లెక్కలతోనే తెలుసుకుందాం. అంకెలు ఉదాహరణ కోసం వేసుకున్నవి. చూసే పద్ధతి మాత్రం ఏ సరుకుకైనా ఇదే.

పంచుకుంటే ఎందుకు నష్టం

నాలుగు లిస్టింగులు కనిపిస్తే నాలుగు రెట్లు చోటు దొరికినట్టే కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కొన్నిసార్లు అది నిజమే. నష్టం ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే అమెజాన్ వరసను ఎలా పేరుస్తుందో కొంచెం తెలియాలి. పూర్తి లెక్కను ఆ సంస్థ బయటపెట్టదు. అయితే వెతికిన మాటకూ లిస్టింగులో రాసిన మాటలకూ పొంతన, ధర, సరుకు నిల్వ, ఇప్పటిదాకా జరిగిన అమ్మకం వంటివి లెక్కలోకి వస్తాయని అమ్మకందారులకు ఇచ్చే సహాయ పేజీల్లో చెబుతుంది.

ఇందులో మనకు ముఖ్యమైనది చివరిది. నెలలో పన్నెండు గిలక్కాయలు అమ్ముడుపోయాయనుకోండి. అవన్నీ ఒకే లిస్టింగు ఖాతాలో పడితే దానికి పన్నెండు అమ్మకాల బలం ఉంటుంది. నాలుగింటికి చీలితే ఏ ఒక్కదానికీ అంత బలం ఉండదు. రివ్యూలూ అంతే. నలభై రివ్యూలున్న ఒక గిలక్కాయకూ, పదేసి రివ్యూలున్న నాలుగు గిలక్కాయలకూ కొనేవాళ్ల కంటికి చాలా తేడా ఉంటుంది. పక్క దుకాణం అదే సరుకును ఒక్క లిస్టింగులో పెట్టి, బలమంతా అక్కడే కూడబెట్టుకుంటే మొదటి పేజీలో పైన నిలబడేది అదే. మనవి నాలుగూ పేజీ మధ్యలో, రెండో పేజీలో ఉండిపోతాయి. ఒకే ఇంటివాళ్లు సంతలో నాలుగు మూలలా నాలుగు చిన్న గంపలు పెట్టుకుని, ఏ గంపా నిండక, ఏ గంప దగ్గరా జనం ఆగక కూర్చున్నట్టు ఉంటుంది పరిస్థితి.

రెండో నష్టం దీనికన్నా సూక్ష్మమైనది. వచ్చినవాడికి చూపాల్సిన సరుకు ఒకటైతే కనిపించేది ఇంకొకటి. మూడు వందల లోపు గిలక్కాయ కోసం వెతికేవాడికి పదమూడు వందల గిఫ్ట్ బాక్సు ఎదురైతే నొక్కడు. నొక్కినా కొనడు. ఆ బాక్సుకు ప్రకటన కూడా ఉంటే, నొక్కిన ప్రతిసారీ డబ్బు పోతుంది.

లెక్కను అడ్డంగా తిప్పి చూడాలి

అమ్మకందారులందరికీ ఉన్న అలవాటు సరుకు వారీగా చూడటం. ఈ నెల ఎరుపు ఎంత అమ్మింది, సెట్టు ఎంత అమ్మింది అని చూస్తారు. ఆ చూపులో ఈ పోటీ దొరకదు. ముందు సెర్చ్ మాటను పట్టుకుని, ఆ మాటకు మన సరుకుల్లో ఏవేవి వచ్చాయో చూడాలి.

అమెజాన్‌లో ట్రేడ్‌మార్క్‌తో బ్రాండ్ రిజిస్ట్రీలో చేరినవారికి సెల్లర్ సెంట్రల్‌లోని బ్రాండ్ అనలిటిక్స్ కింద Search Query Performance అనే నివేదిక దొరుకుతుంది. జనం టైపు చేసిన ఒక్కో మాటకు మన సరుకు ఎన్నిసార్లు కనిపించింది, ఎన్నిసార్లు నొక్కారు, ఎన్నిసార్లు బుట్టలో వేసుకున్నారు, ఎన్ని కొన్నారు అనేవి అందులో ఉంటాయి. బ్రాండు మొత్తానికీ చూడవచ్చు, ఒక్కో సరుకుకు ఉండే ASIN సంఖ్య ఇచ్చి దానికి మాత్రమే చూడవచ్చు. మనకు కావాల్సింది రెండోది. నాలుగు లిస్టింగులకూ విడివిడిగా దించుకుని, ఒకే షీట్‌లో ఒకదాని కింద ఒకటి అతికించాలి. మొదటి నిలువు వరసలో సెర్చ్ మాట, రెండోదానిలో లిస్టింగు, మూడోదానిలో కనిపించిన సార్లు, నాలుగోదానిలో క్లిక్కులు, అయిదోదానిలో కొనుగోళ్లు ఉండాలి.

బ్రాండ్ రిజిస్ట్రీ లేనివారికి ప్రకటనల సెర్చ్ టర్మ్ రిపోర్టు ఉంది. ఇక్కడ చాలామంది దెబ్బతినే చోటు ఒకటుంది. ఆ రిపోర్టు ఏ మాటకు ఏ యాడ్ గ్రూపు ప్రకటన చూపిందో చెబుతుంది. ఆ గ్రూపులో నాలుగు సరుకులుంటే వాటిలో ఏది చూపిందో మాత్రం చెప్పదు. నాలుగు గిలక్కాయలనూ ఒకే గ్రూపులో వేసుకున్నవారికి ఈ పోటీ ఎప్పటికీ కనిపించదు. ఒక్కో లిస్టింగుకు ఒక్కో యాడ్ గ్రూపు విడగొడితే ఆ రోజు నుంచి లెక్క తేటగా వస్తుంది. అయితే ఇది ప్రకటనల వల్ల వచ్చిన గిరాకీకి మాత్రమే లెక్క. ప్రకటన లేకుండా సహజంగా కనిపించిన సార్లు ఇందులో ఉండవు.

మన ఫోన్‌లో మనమే వెతికి చూసుకోవడం మీద ఆధారపడకూడదు. వెతికేవారి ఊరిని బట్టి, పిన్‌కోడ్‌ను బట్టి, ఇదివరకు చూసిన సరుకును బట్టి వరస మారుతుంది. రోజూ మన లిస్టింగునే తెరిచి చూసుకునేవారికి అది పైన కనిపించడంలో వింత లేదు.

షీట్ సిద్ధమయ్యాక ఒక్కో మాటకు వచ్చిన మొత్తం క్లిక్కుల్లో ఒక్కో లిస్టింగు వాటా ఎంతో తెలుసుకోవాలి. పైన చెప్పిన నిలువు వరసల క్రమమే అయితే, ఆరో వరసలో ఈ సూత్రం వేసి కిందికి లాగితే చాలు.

```
=D2/SUMIFS(D:D,A:A,A2)
```

ఫలితం 1 వస్తే ఆ మాటకు వచ్చిన క్లిక్కులన్నీ ఒకే లిస్టింగువి. అక్కడ పోటీ లేదు. ఒకే మాటకు రెండు మూడు లిస్టింగులు 0.2 దాటి వాటా తీసుకుంటుంటే ఆ మాట దగ్గర ఆగి చూడాలి. ఈ 0.2 ఎవరూ పెట్టిన నియమం కాదు, వందల మాటల్లోంచి చూడాల్సినవాటిని వడకట్టడానికి వేసుకునే జల్లెడ. మాటల్ని క్లిక్కుల ప్రకారం పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చుకుని పై వరసలు మాత్రం చూస్తే సరిపోతుంది. నెలకు రెండు మూడు క్లిక్కులు వచ్చే మాట గురించి బుర్ర పాడుచేసుకోనక్కరలేదు.

ఒక మాట, నాలుగు లిస్టింగులు

మన దుకాణం షీట్‌లో పైకి తేలిన మాట `wooden baby rattle`. నాలుగు వారాల లెక్క ఇలా ఉంది.

| లిస్టింగు | ధర | కనిపించినది | క్లిక్కులు | కొనుగోళ్లు |
|---|---|---|---|---|
| ఎర్ర గిలక్కాయ | రూ. 299 | 4,100 | 62 | 5 |
| ఆకుపచ్చ గిలక్కాయ | రూ. 299 | 3,700 | 55 | 4 |
| మూడింటి సెట్టు | రూ. 749 | 2,600 | 26 | 3 |
| గిఫ్ట్ బాక్సు | రూ. 1,299 | 1,900 | 9 | 0 |

మొత్తం 152 క్లిక్కులు, 12 కొనుగోళ్లు. క్లిక్కుల్లో ఎరుపుది 41 శాతం, ఆకుపచ్చది 36, సెట్టుది 17, బాక్సుది 6.

ఈ పట్టిక చూడగానే సెట్టు బాగా అమ్ముడుపోతోందని తీర్పు చెప్పాలనిపిస్తుంది. 26 మంది నొక్కితే ముగ్గురు కొన్నారు, అంటే నూటికి పదకొండు పైనే. ఎరుపుకు నూటికి ఎనిమిదే. కానీ ఇంత చిన్న అంకెల మీద తీర్పు నిలవదు. సెట్టుకు ఒక్క కొనుగోలు తగ్గి ఉంటే లెక్క నూటికి ఎనిమిది దగ్గరికి దిగి ఎరుపుతో సమానమయ్యేది. కొనుగోళ్లను పోల్చాలంటే మూడు నాలుగు నెలల లెక్క కలిపి చూడాలి.

కనిపించిన సార్లను చూసి కూడా మోసపోకూడదు. ఒకే మనిషి ఒకే పేజీలో మన నాలుగు లిస్టింగులూ చూస్తే అది నాలుగుసార్లుగా లెక్కకు వస్తుంది. లిస్టింగులు పెంచినకొద్దీ ఈ అంకె పెరుగుతూనే ఉంటుంది, మనుషులు మాత్రం అంతమందే. అందుకే ఈ పనిలో క్లిక్కులు, కొనుగోళ్లే నమ్మదగినవి.

జబ్బు అసలు గుర్తు నెల లెక్కలో కాదు, వారాల లెక్కలో ఉంటుంది. ఎరుపుకు వారం వారం వచ్చిన క్లిక్కులు 30, 5, 22, 5. అవే వారాల్లో ఆకుపచ్చకు 4, 24, 6, 21. ఒకటి లేచినప్పుడల్లా రెండోది కూలుతోంది. రెండూ కలిపితే 34, 29, 28, 26. విడివిడిగా చూస్తే ఇంత ఎగుడుదిగుడుగా ఉన్నవి, కలిపేసరికి దాదాపు ఒకే మట్టంలో ఉన్నాయి. అంటే ఈ మాటతో మన దుకాణం వైపు వచ్చే జనం వారానికి సుమారు ముప్పై మందే. వాళ్లను ఒక వారం ఎరుపుకూ, ఇంకో వారం ఆకుపచ్చకూ పంపుతున్నారు. బయటి దుకాణం గిరాకీని లాక్కుంటే మొత్తం పడిపోవాలి. గిరాకీయే తగ్గితే రెండూ కలిసి తగ్గాలి. మొత్తం నిలకడగా ఉండి, ఒకదాని తగ్గుదలను ఇంకోదాని పెరుగుదల పూడుస్తుంటే పోటీ ఇంట్లోదే.

ఆవిడ ఇంతకాలం ధర తగ్గించినవన్నీ, పెట్టిన ప్రకటనలన్నీ ఈ లెక్క తెలియక చేసినవే. ఎరుపు ధర తగ్గించిన వారం ఎరుపు పెరిగింది నిజమే. ఆ పెరుగుదల ఆకుపచ్చ నుంచి వచ్చింది. తక్కువ ధరకు అమ్మి, తన రెండో లిస్టింగు అమ్మకాన్నే తగ్గించుకుంది.

పోటీయా, పొత్తా?

ఒకే మాటకు రెండు లిస్టింగులు కనిపించగానే జబ్బు అనుకోకూడదు. ఇక్కడే తొందరపడి బాగా నడిచే లిస్టింగులను తీసేసుకునేవారున్నారు. ఎవరి కోసం ఏ సరుకు ఉందో చూస్తే తేడా తెలుస్తుంది.

మూడింటి సెట్టు సంగతి చూడండి. `wooden baby rattle` మాటకు అది కూడా వస్తోంది. కానీ వారాల లెక్క తీస్తే 7, 6, 7, 6. ఎరుపు లేచినా, ఆకుపచ్చ లేచినా దీనికి తేడా లేదు. పైగా `wooden rattle set` అన్న మాట దగ్గర చూస్తే అక్కడి క్లిక్కుల్లో దాదాపు అన్నీ దీనివే. దీనికి సొంత మాట ఉంది, సొంత కొనుగోలుదారు ఉన్నాడు. ఒకటి కొందామని వచ్చినవాళ్లలో కొందరు మూడు తీసుకుంటున్నారు, బిల్లు 299 నుంచి 749కి పెరుగుతోంది. ఇది దుకాణానికి లాభమే. దీన్ని కదపకూడదు.

గిఫ్ట్ బాక్సుది ఇంకో కథ. 1,900 సార్లు కనిపించి తొమ్మిది క్లిక్కులు తెచ్చుకుంది, కొన్నవారు లేరు. కొనుగోలు సున్నా అన్నదానికన్నా, అన్నిసార్లు కనిపించి అంత తక్కువ మంది నొక్కడం ఇక్కడ బలమైన సాక్ష్యం. ఎరుపుకు వెయ్యిసార్లు కనిపిస్తే పదిహేను క్లిక్కులు వస్తున్నాయి, బాక్సుకు అయిదు కూడా రావడం లేదు. ఇది మిగతావాటి గిరాకీని లాక్కోవడమూ లేదు, తనకంటూ తెచ్చుకోవడమూ లేదు. తప్పు మాట దగ్గర నిలబడింది, అంతే. బాక్సు కొనేవాళ్లు ఉన్నారు. వాళ్లు వెతికేది సీమంతానికో, బారసాలకో పట్టుకెళ్లే కానుక కోసం. వాళ్లు టైపు చేసేది `baby shower gift` లాంటి మాట. బాక్సు పేరు మొదట్లోనే గిలక్కాయ అని ఉండటం వల్ల ఆ మనుషుల దగ్గరికి అది చేరడం లేదు.

ఒకే పట్టికలో మూడు రకాల సంబంధాలు కనిపించాయి. ఎరుపు, ఆకుపచ్చలది నిజమైన పోటీ. సెట్టుది పొత్తు. బాక్సుది చిరునామా తప్పు. మూడింటికీ ఒకే మందు వేస్తే ఒకటి బాగుపడి రెండు పాడవుతాయి.

ఏది ఎలా సరిదిద్దాలి

ఎరుపు, ఆకుపచ్చలది రంగు తేడా మాత్రమే. ఇలాంటివాటి కోసమే అమెజాన్‌లో వేరియేషన్ పద్ధతి ఉంది. ముందు ఒక పేరెంట్ లిస్టింగు తెరుస్తారు. దానికి ధర, నిల్వ ఉండవు, దాన్ని ఎవరూ కొనలేరు. అది కేవలం కలిపి ఉంచే గొడుగు. దాని కింద ఎరుపు, ఆకుపచ్చలను చైల్డ్ లిస్టింగులుగా చేర్చి, తేడా రంగు అని చెబుతారు. కొనేవారికి ఒకే పేజీలో రెండు రంగుల బొత్తాలు కనిపిస్తాయి. రంగు వంటి చిన్న తేడాలున్నవాటికి సాధారణంగా రివ్యూలు కలిపి చూపిస్తారు. సెర్చ్‌లోనూ మామూలుగా ఆ కుటుంబం నుంచి ఒకటే ముందుకు వస్తుంది.

ఈ పని చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. మొదటిది, ఆకుపచ్చ లిస్టింగును తుడిచేసి కొత్తగా చేర్చకూడదు. పాత ASINనే పేరెంట్ కిందికి తేవాలి. తుడిచేస్తే ఇన్నాళ్లు పోగైన రివ్యూలూ, అమ్మకాల చరిత్రా దానితో పోతాయి. రెండోది, వేర్వేరు సరుకులను రివ్యూల కోసం ఒక గొడుగు కిందికి తేకూడదు. గిలక్కాయనూ గిఫ్ట్ బాక్సునూ రంగు తేడాలుగా కలిపితే అది నిబంధనల ఉల్లంఘన, లిస్టింగు మీద చర్య పడవచ్చు.

బాక్సుకు కావాల్సింది కొత్త పేరు. గిలక్కాయ అన్న మాటను పేరు మొదట్నుంచి తీసి, కానుక అన్న భావాన్ని ముందుకు తేవాలి. లోపల ఏమేం ఉన్నాయో వివరణలో ఎలాగూ రాస్తాం కాబట్టి గిలక్కాయ అన్న మాట పూర్తిగా మాయం కాదు. వెనక రాసే సెర్చ్ పదాలనూ మార్చాలి. భారత్‌లో ఈ గడికి 200 బైట్ల పరిమితి ఉంది. నాలుగు లిస్టింగులకూ ఒకే 200 బైట్లు కాపీ చేయడం అంటే నాలుగు చోట్లా ఒకే గిరాకీని అడగడమే. బాక్సుది సీమంతం, పుట్టినరోజు, కానుక చుట్టూ ఉండే మాటలతో నింపితే కొత్త జనం దగ్గరికి తలుపు తెరుచుకుంటుంది.

ఇక ప్రకటనలు. బాక్సు ప్రకటన నడిచే యాడ్ గ్రూపులో `wooden baby rattle` మాటను నెగటివ్ ఎగ్జాక్ట్‌గా చేరిస్తే ఆ మాటకు ఆ ప్రకటన ఇక రాదు. ఎగ్జాక్ట్ అన్నది ఇక్కడ ముఖ్యం. నెగటివ్ ఫ్రేజ్ పెడితే ఆ మాట ఇమిడి ఉన్న పొడవైన సెర్చ్‌లన్నీ ఆగిపోతాయి. `wooden baby rattle gift box` అని వెతికేవాడు ఈ బాక్సుకు అసలైన గిరాకీ. తొందరపడి వాడికీ తలుపు మూసినట్టవుతుంది.

ప్రకటనలోనే ఇంకో రకం పోటీ దాగి ఉంటుంది. ఒక మాటకు ఎర్ర గిలక్కాయ డబ్బు పెట్టకుండానే పైవరసలో కనిపిస్తోంది, అదే మాటకు ఆకుపచ్చకు డబ్బు పెట్టి ప్రకటన నడుపుతున్నాం అనుకోండి. ప్రకటన రిపోర్టులో ఆకుపచ్చ అమ్మకాలు కనిపిస్తాయి, పెట్టుబడి గిట్టుబాటైందనిపిస్తుంది. ఆ కొన్నవారిలో ఎంతమంది ప్రకటన లేకపోతే ఎరుపు కొనుక్కునేవారో రిపోర్టు చెప్పదు. తెలుసుకునే దారి ఒక్కటే. ఆ ఒక్క మాటకు ఆకుపచ్చ ప్రకటనను రెండు మూడు వారాలు ఆపి, రెండు రంగుల మొత్తం కొనుగోళ్లు చూడాలి. మొత్తం తగ్గకపోతే ఆ డబ్బు అనవసరంగా పోతున్నట్టే. తగ్గితే ప్రకటన నిజంగా కొత్తవారిని తెస్తోందని అర్థం, మళ్లీ మొదలుపెట్టాలి.

ఫలించిందో లేదో తెలిసేదెలా

అన్నీ ఒకేరోజు మార్చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. ముందు రంగులు కలపాలి, తేదీ రాసి పెట్టుకోవాలి, నాలుగైదు వారాలు చూడాలి. ఆ తర్వాతే బాక్సు పేరు. ఆ మధ్యలో ధర మారకూడదు, నిల్వ అయిపోకూడదు. ఏదైనా మారితే అదీ తేదీతో సహా రాసుకోవాలి.

ముందు, తర్వాత అని పోల్చేటప్పుడు పండుగ కాలం అడ్డొస్తుంది. ఆగస్టులో రంగులు కలిపి అక్టోబరు లెక్క చూస్తే అమ్మకం పెరిగే ఉంటుంది, దసరా దీపావళి కొనుగోళ్లు వచ్చాయి కాబట్టి. Search Query Performance ఇక్కడ ఎంతో ఉపకరిస్తుంది. ఒక మాటకు అమెజాన్ మొత్తం మీద ఎన్ని క్లిక్కులు పడ్డాయో, అందులో మన వాటా ఎంతో రెండూ అది చూపుతుంది. మార్పుకు ముందు నెలలో `wooden baby rattle`కు అందరికీ కలిపి 3,800 క్లిక్కులు పడితే మనవి 152, అంటే 4 శాతం. మార్పు తర్వాతి పండుగ నెలలో అందరికీ కలిపి 4,600 పడి, మనకు 175 వచ్చాయనుకోండి. అంకె పెరిగిందని సంతోషించవచ్చు, కానీ వాటా 3.8 శాతానికి తగ్గింది. పండుగ తెచ్చిన అలలో మనమూ లేచాం, మిగతావాళ్లకన్నా కాస్త తక్కువే లేచాం. మార్పు ఫలించిందనాలంటే అంకె కాదు, వాటా పెరగాలి.

వాటాలో తేడా ఇంత చిన్నదైతే ఒక్క నెల చూసి తీర్పు ఇవ్వకుండా ఇంకో నెల ఆగాలి. రెండు మూడు నెలలు చూసినా వాటా పెరగకపోతే రోగం పోటీది కాదనుకోవాలి. ఫొటోలో, ధరలో, రివ్యూల్లో, డెలివరీకి పట్టే రోజుల్లో దాన్ని వెతకాలి. ఇంటిపోటీ తీసేస్తే చీలిపోయిన బలం ఒక్కచోటికి చేరుతుంది. బలమే తక్కువైతే చేర్చినా అది తక్కువే.

సొంత వెబ్‌సైట్ ఉన్నవారికి

సొంత సైటులో అమ్మేవారికి ఇదే పని గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో ఉచితంగా జరుగుతుంది. Performance నివేదికలో ఒక సెర్చ్ మాటను ఎంచుకుని, Pages అన్న చోట నొక్కితే ఆ మాటకు మన సైటులోని ఏ పేజీలు ఎన్నిసార్లు కనిపించాయో వస్తుంది. పదహారు నెలల వెనక్కి చూడవచ్చు. ఒక్కో పేజీకి రోజువారీ గీత తీసి పక్కపక్కన పెడితే, పైన వారాల లెక్కలో చూసిన ఎగుడుదిగుడే ఇక్కడా కనిపిస్తుంది.

గూగుల్‌తో ఒక తేడా ఉంది. మామూలుగా పైవరస ఫలితాల్లో ఒకే సైటు నుంచి రెండుకు మించి చూపకుండా ఉండేలా మార్పు చేసినట్టు ఆ సంస్థ 2019 జూన్‌లో ప్రకటించింది. అందుకే ఒకే మాట కోసం అయిదారు పేజీలు రాసుకున్నా వాటికి దొరికే చోటు చాలా తక్కువ. రెండు పేజీలు నిజంగా ఒకే సంగతి చెబుతుంటే వాటిని ఒకటిగా కలిపి, పాత చిరునామాను కొత్తదానికి 301 రీడైరెక్టుతో మళ్లించడం మంచిది. వేర్వేరు అవసరాలకు రాసినవైతే, గిఫ్ట్ బాక్సుకు చేసినట్టే, పేరునూ మొదటి వాక్యాలనూ మార్చి ఏది ఎవరికో తేల్చాలి.

కొత్తది పెట్టే ముందు

ఈ పోటీ చాలావరకు పుట్టేది కాపీ చేసి పేస్ట్ చేసే ఒక్క నిమిషంలోనే. అక్కడే ఆపడం తర్వాత సరిదిద్దడం కన్నా తేలిక. షీట్‌లోనే ఇంకో పుట తెరిచి, ఒక్కో లిస్టింగు ఎదురుగా అది ఏ మాట కోసం ఉందో రాసి పెట్టుకోవాలి. ఎర్ర, ఆకుపచ్చ గిలక్కాయలకు ఒకే మాట, ఎందుకంటే అవి ఒకే గొడుగు కింద ఉన్నాయి. సెట్టుకు ఇంకో మాట, బాక్సుకు ఇంకోటి. రేపు పసుపు గిలక్కాయ వచ్చినప్పుడు దానికి ఏ మాట రాయాలా అని ఈ పుట తెరిస్తే, కొత్త మాట ఏదీ లేదని వెంటనే తెలుస్తుంది. అప్పుడు పసుపు మూడో రంగుగా అదే గొడుగు కిందికి వెళ్తుంది. బొంగరం ఒక్కటే విడిగా అమ్మాలనుకుంటే `wooden spinning top` అన్న మాట ఇంకా ఎవరి పేరా లేదు కాబట్టి దానికి కొత్త లిస్టింగు తెరవవచ్చు. కొత్త లిస్టింగు కావాలా అన్నది సరుకు కొత్తదా అని కాక, వెతికే మనిషి కొత్తవాడా అని చూసి తేల్చుకోవాలి.